అన్న పంపిన నూనె

నూనె పొంగితే గోలికాయంత చింతపండు ముద్ద వెయ్యమని మా అమ్మ నేర్పింది. అరిసెలు చేసినా, సకినాలు వేయించినా మా ఇంట్లో పొయ్యి పక్కన చిన్న గిన్నెలో చింతపండు ఉండాల్సిందే. గింజలు, పీచు తీసి ముద్ద చేసి నూనెలో వదిలితే అది నల్లగా మాడి అడుగున పడి ఉండేది. పొంగు తగ్గినట్టే కనిపించేది. నిజంగా తగ్గేదో, తగ్గిందని మేమే అనుకునేవాళ్ళమో ఇప్పుడు చెప్పలేను. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టుకున్నాక నేనూ అదే పని చేశాను. నా కళ్ళకు నేనే గంతలు కట్టుకున్నానని ఒకరోజు తెలిసింది. ఆ రోజు గురించి కోపం తగ్గాక రాద్దామనుకున్నాను గానీ అది తగ్గేలా లేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన పన్నెండేళ్ళు మస్కట్‌లో ఒక పెద్ద హోటల్ వంటగదిలో పనిచేసి వచ్చాడు. అక్కడ ఏం పని అని ఎవరన్నా అడిగితే ఆలుగడ్డలు వేయించేవాణ్ణి అని నవ్వేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు, నేనూ అడగలేదు. వచ్చాక నా బండి దగ్గరే మిరపకాయలు చీరడం, ఉల్లిగడ్డలు కోయడం చేసేవాడు. పొయ్యి దగ్గరికి మాత్రం వచ్చేవాడు కాదు. ఆ వేడిని పన్నెండేళ్ళు భరించాను, ఇక నా వల్ల కాదనేవాడు. సరేలే అని కడాయి నేనే చూసుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున ఛాతీ పట్టుకొని కూలబడ్డాడు. కామారెడ్డికి తీసుకుపోతే అక్కడినుంచి హైదరాబాద్ పంపించారు. గుండెలో స్టెంటు వేశారు. ఇంటికి పంపేముందు డాక్టరు నూనెలో వేయించినవి మానెయ్యమన్నాడు. బజ్జీలమ్మే ఇంట్లో అది అయ్యే పనేనా? ఒక నెల ఎట్లాగో ఓపిక పట్టాడు. తర్వాత చిన్నపిల్లాడిలా నా కొంగు పట్టుకొని తిరగడం మొదలుపెట్టాడు. చివరికి ఇద్దరం ఒక మాట అనుకున్నాం. రోజుకు రెండంటే రెండే బజ్జీలు, అవి కూడా ఆ రోజు కొత్తగా పోసిన నూనెలో వేసినవి. డాక్టరు ఒప్పుకోడని ఇద్దరికీ తెలుసు. ఆ రెండు బజ్జీలూ ఆయన గుండెకు హాని చేయకుండా చూసుకోవడం నా బాధ్యత అని నేనే నెత్తిన వేసుకున్నాను.

అంతకు ముందే, ఆస్పత్రిలోనే, మా అన్న ముందుకొచ్చాడు. అన్నకు కామారెడ్డిలో హోటల్ ఉంది. పొద్దున పూరీలు, సాయంత్రం బజ్జీలు, సమోసాలు. జనం ఎప్పుడూ కిటకిటలాడుతుంటారు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్న మూడు రోజులూ అన్న నా పక్కనే ఉన్నాడు. మూడో రోజు నా చెయ్యి పట్టుకొని అన్నాడు.

"చెల్లె, గా లూజు నూనె ఇంక వాడకు. బావ పానంతోటి ఆటలొద్దు. నీ బండికి నేను మంచి నూనె పంపుత. నాకు పైసల్ గిట్ల ఇస్తనంటే మాత్రం ఊకోను."

అక్కడే ఏడ్చేశాను. పుట్టిల్లంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను. వాడకట్టులో కనిపించిన ప్రతి ఆడమనిషికీ మా అన్న ఎంతటివాడో చెప్పుకున్నాను. రాఖీ పండుగకు అందరికంటే పెద్ద రాఖీ వెతికి మరీ కట్టాను. అవన్నీ ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ప్రతి సోమవారం తెలిసిన ఆటోలో నూనె డబ్బా వచ్చేది. దానికి సీలు ఉండేది కాదు, పైన ప్లాస్టిక్ మూత ఉండేది. పెద్ద పీపాలో తెప్పించుకొని డబ్బాల్లో పోస్తామని అన్న చెప్పాడు. నమ్మాను. రంగు కొంచెం ముదురుగా ఉండేది. గానుగ నూనె కలిసిందేమో అనుకున్నాను. పూర్తిగా కాగకముందే పొగ వచ్చేది. బర్నర్ పాడైందని మెకానిక్‌ను పిలిపించి, ఆ పాపం అతని మీద వేశాను. కడాయి అంచున గోధుమరంగు జిగురు పట్టుకుంటే గోకినా వచ్చేది కాదు. అందుకు గిన్నెలు తోమే పీచును తిట్టాను. ఇక నురగ. పచ్చి పిండి పడ్డప్పుడు నూనెలో పెద్ద పెద్ద బుడగలు రావాలి, నీళ్ళు ఆవిరి కాగానే పగిలిపోవాలి. నా కడాయిలో సన్నగా, తెల్లగా, సబ్బు నురగలాంటిది పైకి ఎక్కి అక్కడే నిలబడేది. నేనేం చేశాను? చింతపండు ముద్ద వేశాను. ముద్ద పడ్డాక ఇక నురగ వైపు చూడడం కూడా మానేశాను. అమ్మ చెప్పిన మందు వేశాను కదా, ఇంకేం భయం అనుకున్నాను.

రోజూ వచ్చే ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన ఒకరోజు బజ్జీ చేతిలో పట్టుకొని, ఈమధ్య జిడ్డు ఎక్కువ అంటుతోందమ్మా, తిన్నాక గొంతు గీరుకుంటోంది అన్నాడు. ఆయన మీద ఇంతెత్తున లేచాను. మా అన్న పంపిన నూనె, మీ ఇంట్లో కూడా ఇంత మంచిది ఉండదు అన్నాను. పాపం ఆ ముసలాయన బజ్జీ తిని, నోరు మూసుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన ఊరు కూడా నాకు తెలియదు, ఎక్కడని వెతకను?

నా పద్ధతి నాకుండేది. సాయంత్రం కడాయిలో మిగిలిన నూనెను మర్నాడు వాడేదాన్ని కాదు. ఇంటి వెనక రేకుడబ్బాలో పోసి పెడితే ఎవరో ఒకరు బండి ఇరుసులకో, తలుపు బందులకో తీసుకుపోయేవారు. మిగిలిన బజ్జీలు మాత్రం పారేసేదాన్ని కాదు. తిండి పారేయడం నా చేత కాదు. ఇంటికి తెచ్చి, అన్నంలో పప్పు పోసుకొని, నంజుకొని తినేదాన్ని. మూడైనా, నాలుగైనా. మా ఆయన ఎదురుగా కూర్చొని జొన్నరొట్టె తినేవాడు. ఆయన రెండు బజ్జీలు మాత్రం సాయంత్రమే కాగితంలో చుట్టి ఇచ్చేదాన్ని. గిరాకీ మధ్యలో కూర్చోలేనని వాటిని పట్టుకొని బస్టాండు వెనక్కి నడిచిపోయేవాడు. ఖాళీ కాగితంతో వచ్చేవాడు. బాగున్నాయా అంటే బాగున్నాయని తలూపేవాడు.

ఈ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆహార తనిఖీ వ్యాను బస్టాండు దగ్గర ఆగింది. అందులోంచి ఒక మేడం దిగింది. నా కూతురి వయసు ఉంటుంది. ఎవరినీ పట్టుకోవడానికి రాలేదని, నూనె పరీక్ష ఎట్లా చేస్తారో చూపిస్తానని, ముందు ఎవరైనా ఒకరు రమ్మని పిలిచింది. మిగతా బండ్లవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం కొంగు దోపుకొని ముందుకెళ్ళాను. నాదే చూడు మేడం, మిగతావాళ్ళు నన్ను చూసి నేర్చుకుంటారు అన్నాను. ఆ మాట అన్నది ఈ నోరే.

మేడం చేతిలో పొడుగాటి కడ్డీ ఉన్న ఒక పరికరం ఉంది. కడాయిలో ఏమీ వేయనివ్వకుండా కాసేపు ఆగి, కడ్డీని కాగిన నూనెలో ముంచింది. కాసేపటికి పరికరం మీద ఎర్ర లైటు వెలిగింది. అంకె ముప్పై ఒకటి చూపించింది. అది నూనెలో పాడైన భాగం నూటికి ఎంతో చెప్పే అంకె అని, ఇరవై అయిదు దాటితే ఆ నూనె వాడకూడదని ఆమె మెల్లగా చెప్పింది. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇది పొద్దున పోసిన నూనె, నీ మిషనే చెడిపోయింది అని గట్టిగా అరిచాను.

ఆ పిల్ల కోప్పడలేదు. డబ్బాలో ఇంకా మిగిలి ఉందా అని అడిగింది. నా కడాయి ముఖం చూడని ఆ నూనెను చిన్న గిన్నెలో పోసి, వేడి చేసి, మళ్ళీ కడ్డీ ముంచింది. ఇరవై ఆరు. పక్క కొట్టు నుంచి ఒక కొత్త పాకెట్ తెప్పించి, కత్తిరించి, అదే గిన్నె కడిగి, తుడిచి, అందులో చూసింది. లైటు ఆకుపచ్చగా వెలిగింది, అంకె పది కూడా లేదు. మిషను బాగానే ఉంది. పాడైంది డబ్బాలోని నూనె.

తర్వాత ఆమె నన్ను పక్కకు కూర్చోబెట్టి చెప్పిన సంగతులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. నేను ఇంటర్‌లో సైన్సు చదివినదాన్నే, కాస్త అర్థమయ్యాయి. నూనె ఊరికే కాగదట. పచ్చి మిరపకాయలోని, పిండిలోని నీళ్ళు వేడి నూనెలో పడ్డప్పుడు నూనె అణువులు తెగి కొవ్వు ఆమ్లాలు విడిపోతాయి. అవి పెరిగేకొద్దీ నూనె తక్కువ వేడికే పొగ వదులుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి కొన్ని అణువులు పాడై, ఘాటు వాసన వేసే ఆల్డిహైడ్లుగా మారతాయి. గొంతు గీరుకునేది, కళ్ళు మండేది ఆ పొగవల్లే. ఇంకొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కొని పెద్దవవుతాయి. నూనె చిక్కబడేది, జిగురు పట్టేది, నురగ నిలిచేది అందుకే. చిక్కబడ్డ నూనె బజ్జీకి పట్టుకొని వదలదు, అందుకే జిడ్డు. నా పిండిలోని ఉప్పు, అడుగున మాడిన పిండి తునకలు, పాత ఇనుప కడాయి, అన్నీ ఈ పాడవడాన్ని ఇంకా తొందరపెట్టేవేనట.

"ఒక్కరోజు తిన్నంత మాత్రాన ఏమీ కాదమ్మా. రోజూ తింటేనే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది, బీపీ పెరుగుతుంది, గుండె జబ్బుకు దారి పడుతుంది. ఇప్పటికే గుండె జబ్బున్నవాళ్ళకైతే ఇంకా ప్రమాదం" అంది.

గుడ్డలో వడగడితే పోదా అని అడిగాను. తునకలు పోతాయి, రంగు కాస్త తేలికపడుతుంది, కానీ నూనెలో కరిగిపోయినవి పోవు అంది. పాతదానిలో కొత్త నూనె పోస్తే పాతది బాగుపడదు, కొత్తదే తొందరగా పాడవుతుంది అంది. చింతపండు ముద్ద సంగతి చెబితే, అది నురగను అణిచినా అణచకపోయినా నూనెను మాత్రం బాగుచేయదు అంది. నురగ వచ్చిందంటే నూనె ఇక చాలని చెబుతున్నట్టే అంది. ఇన్నాళ్ళూ అది చెబుతుంటే నేనే దాని నోట్లో ముద్ద కుక్కుతూ వచ్చాను.

ఆ రోజు మళ్ళీ బండి నడపలేదు. మా ఆయన పొలం పనిమీద ఊరికి పోయి ఉన్నాడు. రెండు రోజులదాకా రాడు. వచ్చాక చెబుదామని ఫోన్ కూడా చేయలేదు. ఆయన గుండెలోకి రోజుకు రెండు బజ్జీల లెక్కన ఎంత విషం పోశానో అనుకుంటుంటే నాకు అన్నం ముద్ద దిగలేదు. ఇంకా అన్నమీద అనుమానం పెట్టుకోలేదు చూడండి, నా పిచ్చి! ఎవరో వ్యాపారి అన్నను కూడా మోసం చేసి ఉంటాడు, అన్నకు చెప్పాలి, పాపం ఆయన హోటల్ పేరు పోతుంది అని మర్నాడు పొద్దునే బస్సెక్కాను.

కామారెడ్డిలో దిగి హోటల్ ముందువైపు నుంచి పోకుండా, చనువుకొద్దీ వెనక గుమ్మం నుంచి పోయాను. అక్కడ పనిమనిషి ఒకామె నిన్నటి కడాయిలోని నల్లటి నూనెను పాత ధోవతి గుడ్డలోంచి ఒక డబ్బాలోకి వంచుతోంది. డబ్బా ముప్పావు వంతు నిండాక పక్కన ఉన్న కొత్త పాకెట్లు కత్తిరించి పైన పోసింది. ప్లాస్టిక్ మూత బిగించింది. ఆ డబ్బా ఎక్కడికి అని అడిగాను. ఆమెకు నేనెవరో తెలియదు.

"ఎల్లారెడ్డికమ్మా. సారు చెల్లెలుందట గాడ."

మెట్లెక్కి హోటల్ పైనే ఉన్న అన్న ఇంట్లోకి పోయాను. వదిన నన్ను చూసి సంతోషపడి, పూరీలు చేస్తానంటూ పొయ్యి వెలిగించింది. అలమారలో వరుసగా సీలు వేసిన పాకెట్లు ఉన్నాయి. వదిన ఒకటి కత్తిరించి కడాయిలో పోసింది. తెల్లగా, నీళ్ళలా ఉంది. కింద హోటల్ నూనె వాడరా వదినా అని అడిగాను. పిల్లలకు పడదు, మీ అన్నయ్య కూడా ఇంట్లో కిందిది ముట్టనివ్వడు అంది. అమాయకంగానే అంది. ఆమెకు ఏదీ తెలియదని నాకర్థమైంది. ఆ పూరీలు తినలేదు.

అన్న వచ్చాక వదిన ముందే అడిగేశాను. మొదట బుకాయించాడు. వెనక గుమ్మం దగ్గర చూసిందంతా చెప్పాక కుర్చీలో కూలబడ్డాడు. కామారెడ్డిలో ఈమధ్య తనిఖీలు ఎక్కువయ్యాయట. వాడిన నూనె హోటల్లో కనబడకూడదట. డీజిల్ తయారీకి కొంటామని వచ్చేవాళ్ళకు ఇవ్వొచ్చు గానీ, మంచి నూనెను అట్లా ఇచ్చేయడానికి మనసొప్పలేదట.

"పారబోయ బుద్ధి కాలే చెల్లె. ఎల్లారెడ్డిల ఎవలొచ్చి చూస్తరు అనుకున్న. కొత్తది గూడ కలిపే పంపిన గదా. ఇప్పటిదాక ఎవలకేమైంది?"

"బావ పానంతోటి ఆటలొద్దని ఆస్పత్రిల నా చెయ్యి పట్టుకొని చెప్పినవ్ అన్నా" అన్నాను. "నీ పిల్లలకు పాకెట్ నూనె. నా మొగనికి నీ కడాయి కడుగు."

వదిన పొయ్యి ఆపేసి గోడకు చేరబడింది. అన్న తలెత్తలేదు. మొహాన ఉమ్మేయాలన్నంత కోపం వచ్చింది. ఉమ్మలేదు. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద బడికి తీసుకుపోయిన మనిషి. ఏ చెంప మీద కొట్టాలో కూడా తెలియక, తిరిగి మెట్లు దిగి బస్టాండుకు వచ్చేశాను. బస్సులో పక్క సీటావిడ ఎందుకేడుస్తున్నావని అడిగితే ఎవరో చనిపోయారని అబద్ధం చెప్పాను.

నేను ఇల్లు చేరేసరికి మా ఆయన ఒకరోజు ముందే వచ్చి, గడపలో కూర్చొని మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు. సాయంత్రం ఎండ ఇంకా ఉంది. ఆయన కాళ్ళ దగ్గర కూలబడి వ్యాను సంగతి మొదలుపెట్టాను. ఎర్ర లైటు వెలిగింది అన్నాను, అంతే. మిగతాది చెప్పకముందే ఆయన నోటినుంచి మాట వచ్చేసింది.

"నురగ సన్నగ నిలబడుతుండె గదా. ముప్పై దాటి ఉంటది."

చేతిలో మిరపకాయ అట్లాగే పట్టుకొని ఆగిపోయాడు. నేనూ ఆగిపోయాను. ముప్పై అని నేను చెప్పలేదు. నీకెట్లా తెలుసు అని అడిగాను. అప్పుడు మెల్లగా, ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. మస్కట్ హోటల్లో ఆయన పని ఆలుగడ్డలు వేయించడమొక్కటే కాదు. రోజూ సాయంత్రం నూనెలో కాగితపు పట్టీ ముంచి, రంగు చూసి, నూటికి ఎంత పాడైందో పుస్తకంలో రాయడం కూడా ఆయన పనే. పాడైన నూనెను దూరం నుంచి వాసనతోనే గుర్తుపట్టగలడట. అన్న పంపిన మొదటి డబ్బా మూత తీసినరోజే గుర్తుపట్టాడట.

ముందు ఆయన కోసమే భయపడ్డాను. తెలిసి తెలిసి రోజూ రెండు ఎందుకు తిన్నావు, నీకేమన్నా అయితే నేనేం కావాలి అని ఏడ్చాను. ఆయన చేతిలోని మిరపకాయ తొడిమ తీసి చాటలో వేశాడు.

"నేను తినలే" అన్నాడు చివరికి. "బస్టాండు ఎనకాల కుక్కలకేసిన."

ఏడాదిన్నర. రోజూ ఖాళీ కాగితంతో వచ్చి, బాగున్నాయని తలూపాడు. ఎందుకు చెప్పలేదని అడిగాను. మీ అన్న గురించి చెబితే నీ మనసు విరిగిపోతుందని అన్నాడు. ఆస్పత్రిలో అన్న చేసిన సాయానికి ఎదురు మాట్లాడలేకపోయానన్నాడు. నువ్వు వాడకట్టంతా గొప్పగా చెప్పుకుంటుంటే ఏ మొహం పెట్టుకొని చెప్పను అన్నాడు. నామీద ప్రేమతోనే దాచాడని నన్ను నమ్మమంటున్నాడు. కొంతవరకు నిజమే కావచ్చు. మరి బండి దగ్గరికొచ్చిన కాలేజీ పిల్లలు? గొంతు గీరుకుంటోందన్న ఆ ముసలాయన? నేను ఆయన మీద లేచినప్పుడు నువ్వు పక్కనే ఉల్లిగడ్డలు కోస్తున్నావు కదా అని అడిగాను.

అప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. అన్నం కంచం. పప్పు అన్నంలో నంజుకున్న మూడు, నాలుగు బజ్జీలు. ఎదురుగా జొన్నరొట్టె తుంచుకుంటూ ఆయన. ఒకటి రెండుసార్లు, ఎందుకే అవి, పడెయ్యరాదు అన్నాడు నిజమే. గల్ఫ్ పోయొచ్చినవాళ్ళకు తిండి విలువ తెలియదని నేనే ఎగతాళి చేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

"నీ రెండు బజ్జీలు కుక్కలకేసినవ్. మిగిలినయన్ని నేను తిన్న. ప్రతిరోజు నీ ముంగటనే కూసోని తిన్న. చూసుకుంట కూసున్నవ్ గదా?"

ఆయన మిరపకాయల చాటలోకి చూస్తూ, పెద్దగా వినపడకుండా అన్నాడు.

"నీకేం కాలే గదా."

పొద్దున కామారెడ్డిలో మా అన్న అన్నదీ ఆ మాటే. నేను లేచి లోపలికి పోయి, కడాయిని వంచి, జిగురు గోకడానికి కూర్చున్నాను. అది ఊడిరాలేదు.